యాస మాటలు అనువాదంలో తారుమారు కాకుండా: ముందు ట్రాన్స్‌క్రిప్ట్‌ను సరిదిద్దే పద్ధతి

"ఏడికి పోయిండు?" అని మనిషి అడుగుతాడు. తెరమీద "ఏడుకి పోయిండు" అని పడుతుంది. ఇంగ్లీషులోకి మార్చి చూస్తే ఆయన ఏడు గంటలకు వెళ్ళాడని ఉంటుంది. అడిగిన ప్రశ్నే మాయమైపోయింది. మనం అనువాద యంత్రాన్ని తిట్టుకుంటాం గాని, దాని తప్పేమీ లేదు. చేతికిచ్చిన వాక్యాన్ని అది సరిగ్గానే అనువదించింది. తప్పు అంతకు ముందే, మాట అక్షరంగా మారేచోట జరిగింది.

కాబట్టి దిద్దాల్సింది అక్కడే. యాసలో మాట్లాడిన తెలుగు రికార్డింగ్‌ను ఇంగ్లీషులోకి తేవాలనుకునేవాళ్ళ కోసం ఈ పద్ధతి రాస్తున్నాం. ఉదాహరణలు ఎక్కువగా తెలంగాణ యాసవి. మీ రికార్డింగ్ రాయలసీమదో ఉత్తరాంధ్రదో అయితే మాటల పట్టిక మారుతుంది, పని చేసే వరుస మారదు.

## 1. తప్పు ఎలా పుడుతుందంటే

స్పీచ్ రికగ్నిషన్ ధ్వనిని సన్న ముక్కలుగా తరుగుతుంది. మామూలుగా ఒక్కో ముక్క 25 మిల్లీసెకన్లు, ఒక ముక్క మొదలైన 10 మిల్లీసెకన్లకే తర్వాతి ముక్క మొదలవుతుంది. ఏ ముక్కలో ఏ స్థాయి ధ్వని ఎంత బలంగా ఉందో లెక్క తీసుకుని, అక్షరాలు రాయడం మొదలుపెడుతుంది.

రాసేటప్పుడు అది రెండు సంగతులు చూస్తుంది. చెవికి ఏం వినిపించింది, ఇప్పటిదాకా రాసినదాని తర్వాత మామూలుగా ఏ మాట వస్తుంది. ధ్వని స్పష్టంగా, తెలిసినదిగా ఉంటే చెవి గెలుస్తుంది. ధ్వని మసకగా ఉన్నా, ఎప్పుడూ చూడని మాట అయినా అలవాటు గెలుస్తుంది. ఆ అలవాటు ఎక్కువగా రాత తెలుగు చూసి అబ్బింది. "గుర్తు" అన్న మాట అక్కడ కుప్పలుగా దొరుకుతుంది, "యాది" అరుదు. అందుకే "యాది లేదు" అన్నది "ఏది లేదు" అయిపోతుంది. అర్థం కాలేదని రాయడం దానికి చేతకాదు. ఏదో ఒక మాట వేసి ముందుకు పోతుంది.

యాసలో ఈ తారుమారు నాలుగు తీర్లుగా కనిపిస్తుంది.

తెలియని మాట పోయి తెలిసిన మాట రావడం. ఏడికి → ఏడుకి, యాది → ఏది, కాడికి → కడిగి. ఉత్తరాంధ్ర యాసలో "నేను" బదులు వచ్చే "నాను" కాస్తా "నాన్న" అయ్యే ప్రమాదం ఇలాంటిదే.

కలిసిపోయిన మాటలను తప్పుగా విడదీయడం. "వస్తనన్నడు" అంటే వస్తాను అని అన్నాడని. యంత్రం దాన్ని "వస్తున్నాడు" చేస్తుంది. మాట ఇచ్చిన మనిషి కాస్తా దారిలో ఉన్న మనిషి అవుతాడు.

తెగిన చివరకు తోక తగిలించడం. "రాలే" అంటే రాలేదు. యంత్రానికి మాట సగంలో ఆగినట్టు అనిపించి పూర్తి చేస్తుంది. "రాలేదు" అని చేస్తే మన అదృష్టం, "రాలేడు" అని చేస్తే అర్థం మారిపోయింది. మొదటిది జరిగిన సంగతి, రెండోది చేతకానితనం.

వాక్యం ముగిసినచోటు తెలియకపోవడం. మోసం ఎక్కువ ఇందులోనే. తెలంగాణలో "నేను చెప్పిన" అంటే చెప్పాను అని, వాక్యం అక్కడితో అయిపోయింది. రాత తెలుగులో "చెప్పిన" తర్వాత ఇంకో నామవాచకం రావాలి. "నేను చెప్పిన. ఆయన వినలే." అన్న రెండు వాక్యాలు "నేను చెప్పిన ఆయన వినలే" అని ఒకటైతే, ఎవరి గురించో చెప్పాను, ఆ మనిషి వినలేదు అనే అర్థం వస్తుంది. ఒక్క అక్షరం కూడా తప్పు లేదు, పోయింది ఒక చుక్క మాత్రమే.

ఈ నాలుగో తీరు వల్ల తేలేది ఒకటుంది. ట్రాన్స్‌క్రిప్ట్ దిద్దడం ఒక పని కాదు, రెండు పనులు. మొదట మనిషి ఏమన్నాడో అలాగే రాయాలి. ఆ తర్వాత అనువాద యంత్రానికి తెలిసిన తెలుగులోకి దాన్ని మార్చాలి. రెంటినీ ఒకేసారి చేస్తే రెండూ చెడతాయి.

## 2. ఆడియో సిద్ధం చేసుకోవడం

ఈ అడుగు త్వరగా అయిపోతుంది, కాని దాటవేయకూడదు. దొరికిన వాటిలో అసలు ఫైలునే తీసుకోండి. మెసేజ్‌లలో చేతులు మారి వచ్చిన నకలులో ధ్వని ఒకటికి రెండుసార్లు కుదించబడి ఉంటుంది.

దాన్ని ffmpeg అనే ప్రోగ్రాంతో ఒకే ఛానెల్, 16,000 హెర్ట్జ్ వావ్ ఫైలుగా మార్చుకోండి:

```
ffmpeg -i mata.m4a -vn -ac 1 -ar 16000 -c:a pcm_s16le mata.wav
```

ఇద్దరు మాట్లాడుతూ, చెరొక మైకు చెరొక ఛానెల్‌లో ఉంటే మాత్రం వాటిని కలపకండి. విడివిడి ఫైళ్ళుగా తీసి విడివిడిగా నడపండి.

మామూలు ఫోన్ కాల్ రికార్డింగు 8,000 హెర్ట్జ్‌లో ఉంటే 4,000 హెర్ట్జ్ పైన ఉన్న ధ్వని అందులో లేనట్టే. శ, ష, స, ఫ తేడాలు ఎక్కువగా తెలిసేది ఆ పై భాగంలోనే. ఫైలును 16,000కు పెంచినంత మాత్రాన పోయింది తిరిగి రాదు. అలాంటి ఫైలులో ఈ అక్షరాలున్న ప్రతి మాటనూ అనుమానంతో చూడాలని ముందే రాసిపెట్టుకోండి.

ఫ్యాను చప్పుడు తీసేద్దామని నాయిస్ రిడక్షన్ గట్టిగా వేస్తే హల్లుల అంచులు కూడా దాంతోపాటే అరిగిపోతాయి. మనిషి చెవికి శుభ్రంగా ఉన్నది యంత్రానికి ఇంకా మసకబారవచ్చు. ఒక నిమిషం ముక్కను శుభ్రం చేసి ఒకసారి, చేయకుండా ఒకసారి నడిపి చూడండి. తప్పులు తక్కువ వచ్చినదాంతోనే ముందుకు వెళ్ళండి.

తర్వాత ఫైలును 30 సెకన్లకు మించని ముక్కలుగా కోయండి. కారణం నాలుగో అడుగులో ఉంది. గడియారం చూసి కోస్తే మాట మధ్యలో తెగుతుంది, కాబట్టి నిశ్శబ్దం ఉన్నచోట కోయాలి. ఆ చోట్లు ఈ కమాండ్ చూపిస్తుంది:

```
ffmpeg -i mata.wav -af silencedetect=noise=-35dB:d=0.4 -f null -
```

0.4 సెకన్లు అంతకన్నా ఎక్కువసేపు మాట ఆగిన ప్రతి చోటు తెరమీద వస్తుంది. వెనక చప్పుడు ఎక్కువుండి ఏమీ దొరక్కపోతే -35 ను -30 చేయండి. కోయడానికి ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్ సరిపోతుంది.

## 3. యాస పట్టిక రాసుకోవడం

యంత్రాన్ని నడపకముందే రికార్డింగులో మొదటి మూడు నాలుగు నిమిషాలు వినండి. మనిషి పదేపదే వాడే యాస మాటలు రాసుకోండి. మొత్తం నిఘంటువు అక్కర్లేదు, ఆ మనిషి నోట వచ్చేవి చాలు. ఇరవై మాటలు దొరికితే సగం పని తేలికైనట్టే.

| అన్నది | యంత్రం రాసే అవకాశం ఉన్నది | ప్రమాణ రూపం |
|---|---|---|
| ఏడికి | ఏడుకి | ఎక్కడికి |
| కాడికి | కడిగి | దగ్గరికి |
| యాది | ఏది, ఏదీ | గుర్తు |
| వస్తనన్నడు | వస్తున్నాడు | వస్తానని అన్నాడు |
| రాలే | రాలేడు | రాలేదు |
| పోయిన (వాక్యం చివర) | పోయిన (తర్వాతి వాక్యంతో కలిపి) | వెళ్ళాను |

మధ్య గడి మొదట ఊహే. యంత్రం నడిచాక అసలు ఏం రాసిందో చూసి నింపండి. తర్వాతి రికార్డింగుకు అదే పనికొస్తుంది.

అంకెలకు వేరే చిన్న జాబితా పెట్టుకోండి. వేగంగా మాట్లాడేటప్పుడు ఎనభై నలిగి "ఎంబై" అవుతుంది, అది "యాభై"గా రాతలోకి రావచ్చు. అంకె తప్పితే వాక్యం ఎక్కడా ఎబ్బెట్టుగా ఉండదు, చదివి పట్టుకోవడం కుదరదు. పేర్లూ అంతే.

## 4. యంత్రంతో మొదటి ప్రతి తీయడం

ఇక్కడ విస్పర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూపిస్తున్నాం. వేరేది వాడితే మీటల పేర్లు మారతాయి, చూసుకోవాల్సినవి మారవు.

```
whisper clip_01.wav --model large-v3 --language te \
  --task transcribe --word_timestamps True \
  --condition_on_previous_text False \
  --output_format all \
  --initial_prompt "మొన్న ఆయన కాడికి పోయిన. ఏడికి పోయిండో నాకు యాది లేదు."
```

`--task transcribe` తప్పనిసరి. `translate` అని పెడితే అది తెలుగు రాయకుండా నేరుగా ఇంగ్లీషు ఇస్తుంది. మధ్యలో దిద్దడానికి ఏమీ మిగలదు. వచ్చిన ఇంగ్లీషు ఎంత సాఫీగా ఉన్నా ఎక్కడ తప్పు విన్నదో కనిపెట్టలేం.

`--language te` ఇవ్వకపోతే ఏ భాషో అదే ఊహించుకుంటుంది. యాస బలంగా ఉంటే పొరుగు భాష అనుకుని ఇంకో లిపిలో రాసేసే సందర్భాలున్నాయి.

`--condition_on_previous_text False` పెడితే ముందు ముక్కలో చేసిన తప్పు తర్వాతి దానికి అంటుకోదు. ఒకే మాట పదిసార్లు తిరిగి తిరిగి రావడం కూడా తగ్గుతుంది.

`--initial_prompt` గురించి అపోహలు ఎక్కువ. అది ఆజ్ఞ కాదు. "యాస మాటలు సరిగ్గా రాయి" అని అందులో రాస్తే ఫలితం ఉండదు. అప్పటికే రాసిన పాత వాక్యంలా యంత్రం దాన్ని చూస్తుంది, ఆ ధోరణిలోనే ముందుకు పోతుంది. కాబట్టి మీ పట్టికలోని మాటలు వచ్చేలా యాసలోనే రెండు వాక్యాలు రాయండి.

దానికి రెండు పరిమితులున్నాయి. మొదటిది చోటు. యంత్రం రాతను టోకెన్లు అనే చిన్న తునకలుగా విడగొట్టుకుంటుంది. చివరి 224 టోకెన్ల వరకే లెక్కలోకి వస్తుంది, తెలుగులో ఒక్క అక్షరానికే రెండు మూడు టోకెన్లు పోవచ్చు. పది పదిహేను మాటలకు మించి పట్టదనుకుని, ముఖ్యమైనవి చివర పెట్టండి. రెండోది, పై కమాండులో ఇచ్చినట్టు పెడితే దాని ప్రభావం మొదటి 30 సెకన్ల మీదే ఉంటుంది. రెండో అడుగులో ఫైలును ముక్కలు చేయమన్నది ఇందుకే. ప్రతి ముక్కకూ ఈ వాక్యం మళ్ళీ అందుతుంది.

ఒక దుష్ఫలితమూ ఉంది. మనిషి అనకపోయినా మీరిచ్చిన మాటలు ట్రాన్స్‌క్రిప్ట్‌లో తేలవచ్చు, ముఖ్యంగా ముక్క మొదట్లో నిశ్శబ్దం ఉంటే. వినేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోండి.

## 5. మొదటి వినికిడి: గుర్తులు పెట్టండి, దిద్దకండి

యంత్రం ఇచ్చిన జేసన్ ఫైలులో ప్రతి మాటకూ సమయం, నమ్మకం స్కోరు ఉంటాయి. 0.5 కంటే తక్కువ నమ్మకం ఉన్న మాటల్ని ఇలా బయటికి తీయవచ్చు:

```python
import json
d = json.load(open("clip_01.json", encoding="utf-8"))
for s in d["segments"]:
    for w in s["words"]:
        if w["probability"] < 0.5:
            print(round(w["start"], 1), w["word"])
```

ఈ జాబితా చేతిలో పెట్టుకోండి గాని దానిమీదే ఆధారపడకండి. కంగారుపడి రాసిన మాటకు తక్కువ స్కోరు వస్తుంది నిజమే. కాని "మోటార్" తర్వాత "కడిగి" అని రాసేటప్పుడు యంత్రానికి అనుమానమే ఉండకపోవచ్చు. రెండూ తెలిసిన మాటలు, పక్కపక్కన కుదిరాయి, స్కోరూ బాగానే పడుతుంది. యాస తప్పుల్లో ప్రమాదకరమైనవి ఇలా ధీమాగా రాసినవే. అందుకే స్కోరుతో పని లేకుండా మొత్తం ఆడియో వినాల్సిందే.

మొదటిసారి మామూలు వేగంతో, హెడ్‌ఫోన్ పెట్టుకుని, రాత చూస్తూ వినండి. తేడా అనిపించినచోట ఒక నక్షత్రం గుర్తు పెట్టి ఆగకుండా ముందుకు వెళ్ళండి. మొదటి నిమిషంలో తెలియని మాట ఐదో నిమిషంలో స్పష్టంగా రావడం మామూలే. ముందే దిద్దితే మీ ఊహను ఆడియో మీద రుద్దినట్టవుతుంది.

## 6. రెండో వినికిడి: అన్నది అన్నట్టు

ఇప్పుడు ఒక్కో గుర్తు దగ్గరికి వెళ్ళి, రెండు మూడు సెకన్ల ముక్కను 0.75 వేగంతో మూడుసార్లు వినండి. మూడుసార్లకు తేలకపోతే ఆ వాక్యం మొత్తం ఒకసారి వినండి. ఇంకా తేలకపోతే [స్పష్టం కాలేదు 00:13] అని రాసి వదిలేయండి. పదేపదే ఒకే ముక్క వింటుంటే చెవికి కావాల్సిన మాట వినిపించడం మొదలవుతుంది.

తెలుగులో మనకు ఒక సాయం ఉంది. హ్రస్వ దీర్ఘాలు. అక్షరాలు కలగాపులగం అయినా అచ్చు ఎంతసేపు సాగిందో చెవికి తెలుస్తుంది. "కాడికి" ఒక గురువు, రెండు లఘువులు. "కడిగి" మూడూ లఘువులే. ఆడియోలో మొదటి అక్షరం సాగిందా అని మాత్రమే వినండి, జవాబు తేలిపోతుంది. "వస్తున్నాడు"లో చివరి ముందక్షరం దీర్ఘం, "వస్తనన్నడు"లో అది పొట్టి. పైగా నకారం రెండు చోట్ల వినిపిస్తుంది. అనుమానం వచ్చిన మాటను ఆడియోతోపాటే పైకి అనండి. మీ నోరూ ఆడియో ఒకేసారి ముగియకపోతే రాసింది తప్పు.

వాక్యం ముగింపుకు గొంతు వినాలి. "చెప్పిన" తర్వాత గొంతు దిగి చిన్న విరామం ఉంటే చుక్క పెట్టండి. గొంతు అదే ఎత్తులో తర్వాతి మాటలోకి జారితే పెట్టకండి.

ఈ దశలో యాసను యాసగానే ఉంచాలి. "పోయిండు"ను "వెళ్ళాడు" చేయకండి. తర్వాత ఎవరికైనా అనుమానం వస్తే ఆడియోతో పోల్చి చూసుకోవడానికి మిగిలే ప్రతి ఇదొక్కటే.

## 7. ఒక ముక్క మొదటినుంచి చివరిదాకా

నమూనాగా పదహారు సెకన్ల ముక్క తీసుకుందాం. యంత్రం ఇలా రాసిందనుకోండి:

```
మొన్న మోటార్ కడిగి పోయిన ఆయన రాలేడు వస్తున్నాడు గాని
నాకు ఏది లేదు ఎన్నడో ఏడుకి పోయిండో ఎవరికి తెలవదు
```

దీన్ని ఇలాగే ఇంగ్లీషుకు పంపితే వచ్చే అర్థం: మొన్న మోటారు కడిగి వెళ్ళిన మనిషి రాలేడు, వస్తున్నాడు గాని నా దగ్గర ఏదీ లేదు, ఏడు గంటలకు ఎప్పుడు వెళ్ళాడో ఎవరికీ తెలియదు. రాలేడట, వస్తున్నాడట. ఇలా పక్కపక్కన పొసగని క్రియలు కనిపిస్తే అక్కడ తప్పు విన్నట్టే.

మొదటి వినికిడిలో పడే గుర్తులు ఐదు: కడిగి, రాలేడు, వస్తున్నాడు, ఏది, ఏడుకి. చుక్కలు ఎక్కడా లేవు, అది ఆరోది.

రెండో వినికిడిలో మొదటి మాటలో "కా" సాగింది, కనుక కాడికి. "పోయిన" తర్వాత గొంతు దిగింది, కనుక చుక్క. ఆ చుక్క పడగానే "పోయిన ఆయన" విడిపోయింది. వెళ్ళింది మాట్లాడుతున్న మనిషే అని తేలింది. "రాలే" దగ్గర మాట అక్కడే తెగింది, వెనక "డు" లేదు. అన్నది అన్నట్టు రాస్తే:

```
[00:01] మొన్న మోటర్ కాడికి పోయిన.
[00:04] ఆయన రాలే.
[00:06] వస్తనన్నడు గని నాకు యాది లేదు, ఎన్నడో.
[00:11] ఏడికి పోయిండో ఎవ్వలికి తెల్వదు.
```

ఇక్కడికి వినికిడి పని పూర్తయింది. దీన్ని ఇప్పుడే అనువాదానికి పంపితే సగం తప్పులు మళ్ళీ వస్తాయి. "యాది", "కాడికి" ఆ యంత్రానికీ అంతగా తెలియవు మరి.

## 8. ప్రమాణ రూపంలోకి మార్చడం

అన్నది అన్నట్టు ఉన్న ఫైలుకు నకలు తీయండి. నకలులో మాత్రమే మార్చండి.

```
[00:01] మొన్న నేను మోటారు దగ్గరికి వెళ్ళాను.
[00:04] ఆయన రాలేదు.
[00:06] వస్తానని ఆయన చెప్పాడు, కానీ ఎప్పుడు వస్తానన్నాడో నాకు గుర్తు లేదు.
[00:11] ఆయన ఎక్కడికి వెళ్ళాడో ఎవరికీ తెలియదు.
```

మాటలు మార్చడంతోపాటు ఇక్కడ ఇంకో పని జరిగింది. "నేను", "ఆయన" వచ్చి చేరాయి. తెలుగులో కర్తను వదిలేయడం సహజం, క్రియ చివరను చూసి ఎవరో తెలుసుకుంటాం. ఇంగ్లీషుకు కర్త లేనిదే గడవదు. మనం చెప్పకపోతే యంత్రం ఎవరినో ఒకరిని పెడుతుంది. "వచ్చింది" అన్నచోట ఆమెనా, ఆవునా, ఉత్తరమా అన్నది ముందు వాక్యం చూసి మీరే రాయాలి.

అలాగని మనిషి అనని సంగతి చేర్చకూడదు. "పెద్ద మోటారు", "పాపం రాలేదు" లాంటి అలంకారాలు వద్దు. మనిషి తడబడి ఒకే మాట రెండుసార్లు అంటే ప్రమాణ ప్రతిలో ఒకసారి ఉంచవచ్చు. అనుమానంగా "అనుకుంటా" అన్నది మాత్రం తీసేయకండి, అది అర్థంలో భాగం.

సామెతలు, నుడికారాలు వస్తే వాటికి ప్రమాణ తెలుగు వెతకడంతో సరిపోదు, భావం విప్పి రాయాలి. "చేతులెత్తేసిండు" అన్నదాన్ని "చేతులెత్తేశాడు" చేస్తే ఇంగ్లీషులో నిజంగానే చేతులు పైకెత్తవచ్చు. "ఇక తన వల్ల కాదన్నాడు" అని రాయండి.

## 9. అనువాదానికి పంపడం

సబ్‌టైటిల్ వరుసల్ని ఉన్నవి ఉన్నట్టు పంపితే చాలా అనువాదాలు చెడతాయి. తెలుగులో క్రియ చివర ఉంటుంది. వరుస మధ్యలో తెగితే క్రియ తర్వాతి వరుసలో పడుతుంది, మొదటి వరుసకు యంత్రం సొంతంగా క్రియ కల్పిస్తుంది. ముందు వాక్యాలన్నీ పూర్తిగా కలపండి, సమయాలు తీసేసి పేరా పేరాగా పంపండి. అనువాదం వచ్చాక సమయాల ప్రకారం మళ్ళీ విడగొట్టండి.

స్పష్టం కాని చోట్ల గుర్తులు ఉన్న వాక్యాలను పక్కన పెట్టి చేత్తో అనువదించండి. బ్రాకెట్లోని మాటల్ని కూడా యంత్రం సంభాషణలో కలిపేసే అవకాశం ఉంది.

ఇంగ్లీషు వచ్చాక మూడు సంగతులే ముందు చూడండి: అంకెలు, లేదు-వద్దు-కాదు మాటలు, ఎవరు చేశారన్నది. వీటిని ప్రమాణ ప్రతితో కాకుండా యాస ప్రతితో పోల్చండి. మార్చేటప్పుడు మీరే పొరపడి ఉంటే దొరికేది అప్పుడే.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

ఇంగ్లీషు చదివి తెలుగును దిద్దడం. ఇంగ్లీషు సాఫీగా ఉన్నచోట తప్పు లేదనుకుంటాం. "రాలేడు" అనువాదం కూడా సాఫీగానే ఉంటుంది. దిద్దడం ఎప్పుడూ ఆడియో నుంచే మొదలవ్వాలి.

ఒక్క దెబ్బకు అన్నీ మార్చేయడం. "ఏడుకి"ని అన్నిచోట్లా "ఏడికి" చేస్తే, నిజంగా ఏడు గంటలకని అన్నది కూడా పోతుంది. రీప్లేస్ ఆల్ నొక్కకండి. ఒక్కొక్కటి విని ఒప్పుకోండి.

వెతికినా మాట దొరకకపోవడం. కళ్ళ ముందు ఉన్న "మోటర్‌కి" వెతుకులాటలో రాదు. పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోవడమే కారణం. పూర్తి మాట కాకుండా "మోట" అని సగం వెతకండి.

యంత్రం రాసిన మాటలు ఆడియోలో లేకపోవడం. నిశ్శబ్దం ఉన్నచోట కల్పించుకుని రాయడం దీనికి అలవాటు. ముక్క మొదటా చివరా అర సెకనుకు మించి ఖాళీ ఉంచకండి. ఆడియోలో లేనిది ఎంత అందంగా ఉన్నా కొట్టేయండి.

దిద్దేవాళ్ళకు ఆ యాస తెలియకపోవడం. ఈ లోటును ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చదు. స్పష్టం కాని చోట్లన్నీ ఒక జాబితా చేసి, ఆ యాసలో పెరిగిన మనిషికి ఆ ముక్కలు మాత్రమే వినిపించండి. మీరు ఊహించిన మాట ముందే చెప్పకండి. చెబితే వాళ్ళకూ అదే వినిపిస్తుంది.

పది నిమిషాల ఆడియోకు నలభై నిమిషాల నుంచి గంట కేటాయించుకోండి. ఇద్దరు ఒకరిమీద ఒకరు మాట్లాడుకుంటుంటే ఇంకా ఎక్కువే.

## పంపే ముందు సరిచూసుకునే జాబితా

- [ ] యంత్రం ఇచ్చిన ప్రతి, యాస ప్రతి, ప్రమాణ ప్రతి మూడూ విడివిడి ఫైళ్ళుగా ఉన్నాయి
- [ ] మొత్తం ఆడియో కనీసం ఒకసారి ఆపకుండా విన్నారు
- [ ] ప్రతి అంకె, ప్రతి పేరు ఆడియోతో పోల్చారు
- [ ] "లే", "లేదు", "లేడు", "వద్దు" ఉన్న ప్రతి వాక్యం మళ్ళీ విన్నారు
- [ ] "పోయిన", "చెప్పిన", "చూసిన" తర్వాత చుక్క ఉండాలో వద్దో తేల్చారు
- [ ] ప్రమాణ ప్రతిలో ప్రతి వాక్యానికీ కర్త ఉంది
- [ ] వాక్యాలు తెగకుండా ఉన్నాయి, సమయాలు తీసేశారు
- [ ] స్పష్టం కాని వాక్యాలు వేరే జాబితాలో ఉన్నాయి
- [ ] కొత్తగా దొరికిన మాటలు యాస పట్టికలో చేరాయి